వంకాయ రంగు ఫ్లాస్కు

గున్నేశ్వరరావు ఒక వస్తువును చేత్తో ఎత్తి చూస్తే చాలు, దాని కొన్న ధర ఎంతుంటుందో, అమ్మేవాడికి ఎంత మిగులుతుందో ఇట్టే చెప్పేయగలడు. ఆత్రేయపురంలో కిరాణా కొట్టు నడిపినన్నాళ్ళూ అదే ఆయన చదువు. కిందటేడు మోకాలు ఆపరేషన్ అయ్యాక కొట్టు మూసేశాడు కానీ, ఆ చూపు మాత్రం మూతపడలేదు. పెళ్ళిళ్ళలో భోజనానికి కూర్చున్నా విస్తరి ఖరీదు కడుతుంటాడు.

అలాంటి మనిషికి ఆ శనివారం పొద్దున ఒక వస్తువు వెల కట్టడం చేతకాలేదు. అది ఆయన భార్య కన్యక చేతిలో ఉన్న స్టీలు ఫ్లాస్కు.

ఇద్దరూ ఆటోలో రావులపాలెం వచ్చారు, బైపాస్ పక్కన కొత్తగా తెరిచిన సూపర్ మార్కెట్‌కి. కొట్టు ఉన్నన్నాళ్ళూ కన్యక తన డబ్బుతో ఇంకో కొట్టు గుమ్మం ఎక్కి ఏదీ కొనుక్కోలేదు. ఉప్పు నుంచి సబ్బు దాకా అన్నీ సొంత కొట్లోంచే వచ్చేవి. చీర కావాలన్నా గల్లాపెట్టెలోంచి డబ్బు ఆయనే తీసిచ్చేవాడు. కొట్టు మూసేశాక ఆవిడ పక్కింటి అప్పాయమ్మ దగ్గర పూతరేకులు చుట్టడానికి వెళ్ళడం మొదలుపెట్టింది. "ఊసుపోక" అంది. ఆయనా అదే అనుకున్నాడు. నిన్న సాయంత్రం ఆవిడ నేతి వాసన వేసే కవరొకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇది నా కష్టం. దీంతో మీకో ఫ్లాస్కు కొంటాను. మాటిమాటికీ కాలీడ్చుకుంటూ సెంటర్‌కి వెళ్ళి టీ తాగి వస్తున్నారు. పక్కనే పెట్టుకు తాగుదురుగాని."

"ఇంట్లో నువ్వు కాచి ఇస్తే సరిపోదూ?"

"నేను రేకులు చుట్టడానికి వెళ్ళానంటే మీకు కాచేదెవరు?"

ఆయన జన్మలో అందరికీ వస్తువులు అందించాడే గాని, తన కోసమని ఇంకొకరు కష్టపడి కొని తెచ్చిన వస్తువు పుచ్చుకోలేదు. జమ ఎక్కడ రాసుకోవాలో తెలియలేదు.

సూపర్ మార్కెట్‌లో వంటసామాన్ల వరసలో ఫ్లాస్కులు పేర్చి ఉన్నాయి. నీలం, బూడిద, వంకాయ రంగు. అర అంచుకి పసుపు చీటీ: స్టీల్ ఫ్లాస్కు, ఒక లీటరు, అన్ని రంగులు, ఆఫర్ ధర 899, ఆదివారం వరకు. కన్యక అద్దాలు సవరించుకుని ఆ చీటీ చదివింది. కవర్లో ఉన్నవి తొమ్మిది వందలు. చీటీ చదివాక కవరు మీద వేళ్ళు కాస్త సడలాయి.

"వంకాయ రంగుదే తీసుకుందామండీ. మన కొట్టు తలుపులూ ఇదే రంగు కదా."

ఆయన ఫ్లాస్కు ఎత్తి చూశాడు. మూత తిప్పాడు. అమ్మేవాడికి ఎంత మిగులుతుందో కడదామనుకుంటే లెక్క మధ్యలోనే జారిపోయింది.

బిల్లింగ్ కౌంటర్ల దగ్గర జనం. అప్పుడే ఒక అమ్మాయి కొత్త కౌంటర్ తెరిచి, "ఇటు రండి మేడమ్, మీరే ఫస్ట్ బిల్లు" అంది. చొక్కా మీద హారతి అని పేరు. మానిటర్ మూల చిన్న వినాయకుడి బొమ్మ అతికించుకుంది.

ఫ్లాస్కు కింద గీతల మీద స్కానర్ కీచుమంది. తెర మీద 1099 అని పడింది.

గున్నేశ్వరరావు తెర చూశాడు. తర్వాత భార్య మొహం చూశాడు. ఆవిడ కూడా తెర మీద అంకె చూసింది. చేతిలో కవరు మెల్లగా వెనక్కి, పమిట చాటుకు వెళ్ళింది.

"ఏవండీ, ఆ రెండొందలూ మీరు వేసెయ్యండి" అంది గొంతు తగ్గించి. "పొద్దున్నే పిల్ల బోణీ. మనం రేటు దగ్గర పేచీ పెడితే ఏం బాగుంటుంది."

బోణీ అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. మొదటి బేరం దగ్గర ఎదురు మాట పడితే రోజంతా కొట్టు మొండికేస్తుందని వాళ్ళిద్దరూ నమ్మిన మనుషులు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది: వ్యాపారస్థుడు మరో వ్యాపారస్థుడి కొట్లో, నలుగురి ముందు, ధర తప్పని అనకూడదు. అనాలనుంటే కొట్టు కట్టేశాక ఇంటికెళ్ళి చెప్పుకోవాలి. గున్నేశ్వరరావు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గీత దాటలేదు.

జేబులో చేయి పెట్టాడు. రెండొందలు ఆయనకొక లెక్క కాదు. కానీ ఆ రెండొందలూ ఇందులో కలిశాయంటే ఈ ఫ్లాస్కు మళ్ళీ గల్లాపెట్టెలోంచి వచ్చినదే అవుతుంది. అన్ని చీరల్లాగే. రేకులు చుట్టీ చుట్టీ వేళ్ళ చివర తెల్లగా పొట్టులేచిన ఆ చేతుల కష్టం సగంలో ఆగిపోతుంది. లాభనష్టాలు ఆయనకి తెలుసు. ఇది పూడ్చుకోలేని నష్టం.

ఖాళీ చేయి బయటికి తీశాడు.

"అమ్మా హారతీ, డబ్బులు ఇంకా ఇవ్వలేదుగా, బిల్లు కాసేపు ఆపగలవా? అక్కడ చీటీ మీద 899 అని ఉంది. నీ తెర మీద వేరేగా వస్తోంది. నీ తప్పేం కాదు, మిషన్‌లో ఉన్నదే నీకు చూపిస్తుంది."

ఆ అమ్మాయి భుజాలు కొద్దిగా వదులయ్యాయి. "హోల్డ్‌లో పెడతానండీ. ఒక్కోసారి పక్క సైజుది చీటీ అయి ఉంటుందండీ, అర లీటరుది. సరిగ్గా చూశారా?"

"మంచి మాట అడిగావు. మళ్ళీ చూసొస్తాను."

వెనకాల బుట్ట నిండా సామాన్లతో ఉన్న ఆవిడ మెడ ముందుకు చాచింది. "అడగడమేంటండీ, వీడియో తియ్యండి! 1915కి కొట్టండి, వినియోగదారుల హెల్ప్‌లైను. అప్పుడు దిగొస్తారు!"

"ఇంకా వాళ్ళు కాదనలేదమ్మా. కాదన్నాక కదా ఫోను. ఈలోపు మీ బిల్లు కానివ్వండి."

"అయితే బోణీ నాదేనా?" అని ఆవిడ నవ్వింది.

కన్యక ముఖం చిన్నబోయింది. "బోణీ పోయింది పాపం" అని గొణిగింది.

"పోలేదండీ, ఆవిడ చేతిలో కార్డుంది. నా చేతికొచ్చే మొదటి నోటు మీదే" అంది హారతి, మెల్లగా, పక్కవాళ్ళకి వినపడకుండా.

గున్నేశ్వరరావు మోకాలు పట్టుకుంటూ ఆ వరస దాకా నడిచాడు. చీటీ మీద పేరు, లీటరు, రంగులు, తేదీ ఒక్కొక్కటే చదివాడు. చీటీ కింద గడిలో ఉన్న ఫ్లాస్కు అట్టతో సరిపోల్చాడు. అర లీటరుది పక్క గడిలో, దాని చీటీ దానికి వేరేగా ఉంది. ఫోను తీసి, చీటీ, దాని కింద సరుకు రెండూ ఒకే బొమ్మలో పడేలా ఫోటో తీశాడు. చీటీ మాత్రం ఊడదీయలేదు. ఊడదీసి తెస్తే అది ఎక్కడ ఉండేదో అన్న ప్రశ్న వస్తుంది. ఆ కిటుకు అమ్మేవాడికి తెలుసు.

తిరిగొచ్చేసరికి హారతి పిలిచిన సూపర్‌వైజర్ వచ్చి ఉన్నాడు. నిరంజన్ అని, సన్నటి కుర్రాడు, మెడలో తాళాలగుత్తి. ఫోటో చూశాడు, తనూ వెళ్ళి చీటీ చూశాడు, చేతిలో మిషన్‌తో రెండు ఫ్లాస్కులు స్కాన్ చేశాడు.

"సార్, అర్థమైంది. సిస్టమ్‌లో ఆఫర్ నీలం రంగు కోడ్‌కి ఒక్కదానికే ఎక్కించారు. చీటీ మాత్రం అన్ని రంగులు అని ప్రింటయింది. ఒక పని చేయండి, నీలం తీసుకోండి. 899కే వస్తుంది. ఇప్పుడే అయిపోతుంది."

బేరం కుదిరినట్టే. కొట్లో ఉండగా ఇలాంటి సర్దుబాట్లు గున్నేశ్వరరావు ఎన్నో చేశాడు. ఫ్లాస్కు నీలమైతేనేం, టీ వేడిగానే ఉంటుంది. తల ఊపబోయాడు.

"చీటీ మీద అన్ని రంగులు అని ఉంది బాబూ" అంది కన్యక.

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు. నలుగురిలో ఆవిడ గొంతు ఎత్తడం గున్నేశ్వరరావు ఎప్పుడో గాని వినలేదు.

"మాకూ కొట్టు ఉండేది. బియ్యం బస్తాల మీద పలకలు గుచ్చి, రేట్లు నేనే సుద్దతో రాసేదాన్ని. రేటు మారిందని ఈయన చెప్పినా, పిల్లాడు ఏడుస్తున్నాడనో, పప్పు మాడిపోతోందనో, ఒక్కోసారి చెరపడం మరిచిపోయేదాన్ని. పలక చూసి వచ్చినవాళ్ళకి ఈయన ఆ పాత రేటుకే తూచేవారు. నష్టం కదండీ అంటే, పలక మనదే కదా, చూసినవాళ్ళ తప్పేముంది అనేవారు. ఆ తర్వాత పలక మార్చమనేవారు. నా మీద ఒక్కసారీ అరవలేదు." ఆగి ఊపిరి తీసుకుంది. "నేను చీటీ చదివే వచ్చాను బాబూ. నాకు వంకాయ రంగే కావాలి."

గున్నేశ్వరరావు కౌంటర్ అంచు పట్టుకున్నాడు. ఆ పలకల సంగతి ఆయనకి గుర్తే లేదు. ఎప్పుడో ఇచ్చేసి మరిచిపోయిన సరుకు, ఎవరో ఇంత భద్రంగా దాచి ఇవాళ తిరిగి తెచ్చి ఇచ్చినట్టుంది.

నిరంజన్ మెడ గోక్కున్నాడు. "అలా అయితే నా లాగిన్‌తో రేటు మార్చాలి మేడమ్. కారణం రాసి, మేనేజర్‌కి చెప్పాలి."

"చెప్పు నాయనా. ఫోటో కూడా పంపిస్తాను, నీ మీదకి రాకుండా" అన్నాడు గున్నేశ్వరరావు. "ఆ తేడా ఈ పిల్ల జీతంలో కోయరు కదా?"

"ఛఛ, లేదండీ. చీటీ తప్పు మాది."

అతను ఫోను చేసి రెండు ముక్కలు మాట్లాడాడు. ఆపి ఉంచిన బిల్లు హారతి తెరిస్తే, అతను వంగి తన పాస్‌వర్డ్ కొట్టాడు. తెర మీద 1099 పోయి 899 వచ్చింది. "బిల్లులో కూడా చూసుకోండి మేడమ్" అన్నాడు.

కన్యక పమిట చాటు నుంచి కవరు తీసింది. నోట్లన్నీ చదును చేసి ఇచ్చింది. హారతి పై నోటు తీసి కళ్ళకద్దుకుని, డ్రాయర్‌లో పెట్టి, "ఏం వాసనండీ ఇది, నెయ్యిలా ఉంది!" అంది.

"పూతరేకుల డబ్బులమ్మా."

హారతి రూపాయి బిళ్ళ వెనక్కిచ్చింది. కన్యక దాన్ని కొంగున ముడేసుకుంది. బిల్లు ఆయనకివ్వకుండా తనే అక్షరం అక్షరం చదువుకుని, మడిచి ఖాళీ కవర్లో పెట్టుకుంది.

"ఆ చీటీ సంగతి చూడు నాయనా" అన్నాడు గున్నేశ్వరరావు వెళ్తూ. "మా వెనక వచ్చేవాళ్ళకి గొడవ లేకుండా."

తలుపు దాకా వచ్చి కన్యక వెనక్కి చూసింది. అవతల వరసలో నిరంజన్ పసుపు చీటీ తీసేసి, తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్‌తో ఏదో రాసి అంటిస్తున్నాడు.

"రాత బాగోలేదండీ. అంకెలు వంకరగా ఉన్నాయి."

"వెళ్ళి దిద్ది రా మరి, పలక ఇస్తారేమో."

"వేళాకోళం!" అని ఆవిడ నడిచింది. సెంటర్లో టీ బడ్డీ దగ్గర ఆగి, అప్పుడే ఫ్లాస్కు కడిగించి, నిండా టీ పోయించింది. డబ్బులకి ఆయన జేబులో చేయి పెట్టుకున్నాడు. ఈసారి ఆ చేయి ఖాళీగా బయటికి రాలేదు.

ఆటోలో ఆయన ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మూతలో టీ వంచి ముందు ఆవిడకే ఇచ్చాడు. దాని వెల ఎంతో ఆయనకి ఇంకా తేలలేదు.