పోయిన గాజుల సైజులు

బళేపేటలో గాజులంగడి నడిపే వీరభద్రం చాట్ యాప్ సపోర్టుకు ఉత్తరం రాశాడు.

"సార్, ఫోన్ రీసెట్ చేస్తే ఆర్డర్ల చాట్లన్నీ పొయినాయి. ఎల్లుండి అక్కయమ్మ కోడలి సీమంతం. ముప్పై మంది ఆడోళ్ళ గాజుల సైజులు అందులోనే ఉండాయి. ఎట్లైనా తెప్పియండప్పా."

జవాబు వచ్చింది: "మెసేజీలు మా దగ్గర ఉండవు. మీరు బ్యాకప్ పెట్టుకోలేదు కాబట్టి తిరిగి రావు. పంపినవారి ఫోన్లో ఉంటే మళ్ళీ పంపమనండి."

ఒకసారి చెప్పిన సైజు మళ్ళీ అడగడమంటే వీరభద్రానికి నామోషీ. అయినా అక్కయమ్మకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాడు.

"దానికేమప్పా, నా ఫోన్లో ఉండాది, పంపిస్తా," అందామె. "నువ్వు అడిగింది మేలయింది. కోడలికి చేతులు వాచిండాయి. ఆయమ్మకి మాత్రం ఒక సైజు పెద్దవి పెట్టు."