పల్లంరాజు ఏనుగు కల, రత్తమ్మ చీటీల పందెం

పల్లంరాజు రొయ్యల చెరువులోకి ఏనుగు దిగింది. కలలో దిగింది గనక గట్టు తెగలేదు. లేకపోతే దాని కాళ్ళకింద మూడెకరాల టైగర్ రొయ్య పచ్చడైపోయేది. తొండంతో సగం చెరువు తాగేసి, మిగిలిన సగంలో జలకాలాడి, వెళ్తూ వెళ్తూ ఆయనకి నమస్కారం కూడా పెట్టిందట. అంత మర్యాదగల ఏనుగు భీమవరం చుట్టుపక్కల ఎవరి కల్లోకీ వచ్చినట్టు లేదు.

ముఖమైనా కడక్కుండా పల్లంరాజు చంద్రరావుగారి అరుగెక్కాడు. కల ముందు ఆయన చెవినే పడాలి, ఇంకొకరు వింటే ఫలం చెడిపోతుందని ఊళ్ళో నమ్మకం. చంద్రరావుగారు కాలవ లాకుల దగ్గర ముప్పయ్యేళ్ళు నీళ్ళు వదిలి, రిటైరయ్యాక ఫలాలు వదలడం మొదలుపెట్టిన మనిషి. పైసా పుచ్చుకోరు. కాఫీ ఇస్తే కాదనరు. అబద్ధాలకోరు కూడా కాదు. తను చెప్పేదంతా నిజమని ఊరందరికంటే ముందు ఆయనే నమ్ముతారు. మోసగాడైతే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోయేవాడు.

కల విని, కళ్ళు మూసుకుని, చీటీ రాసిచ్చారు: “పెద్ద మార్పు దగ్గరలో ఉంది. కావలసినవాళ్ళే అడ్డు చెప్తారు. పడమటి నుంచి కబురు వస్తుంది. తొందరపడితే నష్టం. ఆలస్యమైతే జాగ్రత్త.”

పల్లంరాజు నాలుగో మాట దగ్గర ఆగిపోయాడు. అయిదో మాట చదివాడు గానీ అది ఇంకెవరికో రాసినట్టనిపించింది. రొయ్య నలభై కౌంట్‌లో ఉంది, కిలోకి నలభై తూగుతోంది. ఇంకో పదిరోజులు ఆగితే ముప్పై అయిదుకొస్తుంది, రేటు ఎగిరి గంతేస్తుంది. ఆగాలని ఆయనకి నెలరోజులుగా ఉంది. ఇప్పుడు ఏనుగు కూడా ఆగమంది.

ఇంటికొచ్చేసరికి భార్య రత్తమ్మ చెక్ ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. మేత తింటున్నాయో లేదో చూడ్డానికి చెరువులో దింపే పళ్ళెం అది. వేసిన మేత సగం అలాగే ఉంది.

“ఏవండీ, రొయ్య మేత ముట్టట్లేదు. ఆ తెల్లమచ్చల తెగులు పక్కూరిదాకా వచ్చేసిందంట. పట్టేద్దారి.”

పల్లంరాజు ఒళ్ళు పులకరించింది. “చూశావా! కావలసినవాళ్ళే అడ్డు చెప్తారన్నారు. చెప్పేశావు!”

“పెళ్ళై ఇరవయ్యేళ్ళయింది. రోజూ ఏదో ఒకటి అడ్డు చెప్తూనే ఉన్నాను కదండీ?”

“రొయ్య పెంకు మార్చుకుంటోందే. అందుకే తినట్లేదు.”

మధ్యాహ్నం పెనుగొండ నుంచి బావమరిది వచ్చి, ఎక్స్‌పోర్ట్ రేట్లు పెరుగుతాయట బావా అన్నాడు. పల్లంరాజు లేచి నిలబడిపోయాడు. “పడమటి కబురు!”

“పెనుగొండ మనకి తూర్పు కదండీ,” అంది రత్తమ్మ.

“బస్సు దిగింది ఎక్కడ? మనింటికి పడమటేపే కదా!”

రాష్ట్రంలో ఎక్కణ్ణించి బయల్దేరినవాడైనా ఆ బస్టాపులో దిగితే పడమటివాడే అయిపోతాడన్నమాట. సూర్యుడు బస్సులో రాడు గనక బతికిపోయాడు.

“మరి పోయినేడు మన వల లాగే గంగయ్యకి పడవ నిండుతుందని రాసిచ్చారు. వాడి పడవే పోయింది కదండీ?”

“వాడు కల సరిగ్గా చెప్పి ఉండడు.”

రత్తమ్మ అయిదో క్లాసు దాటలేదు గానీ, ఊళ్ళో ఆవకాయల తగువు వస్తే తీర్చేది ఆవిడే. ఎవరి జాడీయో చెప్పకుండా అన్నీ ఒకేలాంటి గిన్నెల్లో పెట్టి రుచి చూపిస్తుంది. పేరు తెలిస్తే నాలుక అబద్ధమాడుతుందని ఆవిడ సిద్ధాంతం. ఇప్పుడు ఫలాల్ని కూడా గిన్నెల్లో పెట్టదలచింది. చెంగు దోపుకుని, మొగుణ్ణి వెంటబెట్టుకుని చంద్రరావుగారి అరుగు దగ్గరికి వెళ్ళింది.

“బాబాయ్‌గారండీ, రేపు పొద్దున్న ఎనిమిదిమంది మీకు కలలు చెప్తారు. చీటీ వాళ్ళకివ్వకండి, పైకి చదవకండి. వాళ్ళకిప్పుడేం జరుగుతోందో అందులో రాయండి. ఐసు ఫ్యాక్టరీ గుమస్తా లాజరు వాటిని తన చేత్తో ఒకేలా నాలుగేసి కాపీలు రాసి, పేరు బదులు నెంబరేసి, ఏ నెంబరు ఎవరిదో తనదగ్గరే దాచుకుంటాడు. ఒక్కొక్కరికి నాలుగేసి చీటీలిస్తాం. ఒకటి వాళ్ళది, మూడు పరాయివి. ఎవరిది వాళ్ళు పట్టుకోవాలి.”

“పట్టుకోకేం చేస్తారమ్మా! ఎనిమిదిమందీ పట్టుకుంటారు,” అన్నారాయన, మీసం దువ్వుతూ.

“కళ్ళు మూసుకుని తీసినా నాలుగింట్లో ఒకటి తగుల్తుందండి. అంటే ఎనిమిదిమందిలో ఇద్దరు ఊరికే పట్టేస్తారు. ఎంతమంది పట్టుకుంటే మీరు నెగ్గినట్టో ముందే చెప్పండి. తరవాత లెక్క మార్చకూడదు.”

“ఆరుగురు.”

“ఆరుగురైతే పదిరోజులు నోరెత్తను. చెరువు ఏమైపోయినా సరే. తగ్గితే ఎల్లుండి తెల్లారగట్ల వల దిగాలి.” ఆ మాట మొగుడికేసి తిరిగి అంది. నెగ్గుతాననే ధీమా ఆవిడకీ లేదు.

పల్లంరాజు సరేనన్నాడు. గురువుగారి మీద నమ్మకం అలాంటిది మరి.

మర్నాడు కలలు చెప్పినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. ఈసారి గుమ్మడికాయ మీద కూర్చుని గోదావరి దాటాడట. పన్నెండింటికి చంద్రరావుగారినీ లాజరునీ పంచాయతీ ఆఫీసు వరండాలోకి పంపేసి, రత్తమ్మ తన ఇంట్లో చీటీలు పంచింది. ఎవరి నాలుగు వాళ్ళకి లాజరే ముందుగా కట్టకట్టి పైన పేరు రాసిచ్చాడు. కట్టలో ఏది ఎవరిదో ఆవిడకే తెలీదు, ఆవిడ ముఖం చూసి పోల్చుకుందామన్నా కుదరదు.

కుట్టుమిషను వీరదుర్గ రెండు చీటీలు పైకెత్తింది. “అక్కా, రెండూ నావేనే.”

“ఒక్కటే తియ్యాలమ్మా.”

“మూడోది కూడా నాదేలా ఉందే!”

పల్లంరాజు ఒక చీటీ చదివి కళ్ళు తుడుచుకున్నాడు. “మనసులో ఒక బరువు మోస్తున్నారు. మీ మంచితనాన్ని గుర్తించాల్సినంతగా ఎవరూ గుర్తించలేదు. నీటి విషయంలో నిర్ణయం తీసుకోవాలి.” అక్షరం పొల్లుపోలేదు. తన బతుకంతా అందులోనే ఉంది. ఛాతీకి హత్తుకుని, “ఇదే,” అన్నాడు.

అందరూ పంచాయతీ వరండాకి చేరాక లాజరు కాగితం విప్పాడు. ఒక్కో నెంబరూ చదువుతుంటే వరండాలో కాఫీ చల్లారిపోయింది.

“సరిగ్గా పట్టుకున్నది... ఇద్దరండి.”

“మా ఆయన తీసింది ఎవరిది?” అని అడిగింది రత్తమ్మ.

“గంగయ్యదండి. ఆడపిల్లలు కొబ్బరాకులు నేస్తున్నట్టు కలొచ్చింది కదా, ఆడిది.”

గంగయ్య పళ్ళికిలించాడు. “నాకు నీటి నిర్ణయమంటే ఇంట్లో చేతిపంపు బాగుచేయించడమండి. మీదేంటండీ రాజుగారూ?”

అందరూ నవ్వారు. పల్లంరాజు నవ్వలేదు. చేతిపంపు గురించి రాసిన మాటలకి తన కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆ తడి ఇంకా చెంపమీదే ఉంది.

చంద్రరావుగారు మెల్లిగా గొంతు సవరించుకున్నారు. “ఇవాళ అమావాస్య. కలలు కుదురుగా రావు.”

“ఆరుగురు పట్టుకునుంటే కూడా అమావాస్యేనా అండీ?” అంది రత్తమ్మ. ఆవిడ వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగింది. ఆయన లాజరు చేతిలో కాగితం తీసుకుని, మొదటి నెంబరు నుంచీ తనే మళ్ళీ సరిచూసుకున్నారు.

ఆ సాయంత్రం పల్లంరాజు ఒక్కడే చెరువుకెళ్ళాడు. చెక్ ట్రే పైకి తీశాడు. ఈసారి మేత ముప్పాతిక వంతు మిగిలింది. గట్టువార నీరసంగా ఈదుతున్న రొయ్యని అరచేతిలోకి తీసుకుని పెంకు గోటితో ఒలిచి వెలుతురుకి పెట్టి చూశాడు. సజ్జగింజలంత తెల్లమచ్చలు. అవి మార్పు దగ్గరలో ఉందనలేదు, పడమరనీ అనలేదు. ఎవరికైనా ఒకేలా కనిపిస్తాయి.

తెల్లారగట్ల వలలు దిగాయి. కౌంట్ నలభై నుంచి దిగలేదు, ఆశపడ్డ రేటూ రాలేదు. కానీ ట్రేలకెక్కిన రొయ్య చాలామటుకు బతికే ఉంది, తోక కొట్టుకుంటోంది. రత్తమ్మ ఐసు ముక్కలు జల్లుతూ మొగుడి వంక చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని భయం.

వల లాగుతూ గంగయ్య అడిగాడు, “రాజుగారండీ, రాత్రి ఏం కలొచ్చిందండి?”

“ఏదో వచ్చిందిరా.”

“చెప్పండి మరి, ఫలం చూద్దారి.”

“ముందు నువ్వు దాని ఫలం కాగితం మీద రాసి లాజరు చేతికియ్యి,” అన్నాడు పల్లంరాజు, మోకాల్లోతు బురదలో నిలబడి. “కల తరవాత చెప్తాను.”