వరద నెల మిగులు

నది మా బజారులోకి రెండోసారి వచ్చిన ఏడు అది. మొదటిసారి వచ్చినప్పుడు నాకింకా పెళ్లి కాలేదు. రెండోసారికి నెత్తిన నల్ల వెంట్రుక మిగల్లేదు.

మాది కుళాయిలు, పైపులు అమ్మే దుకాణం. పెట్టింది మా అన్నయ్య. నేను గోడౌన్ మనిషిని. మూడో తరగతితో ఆగిపోయిన చదువు నాది. అంకెలు చదవగలను, సంతకం చేయగలను, సరుకు లెక్కపెట్టగలను. కౌంటర్లో కూర్చుని బిల్లులు రాసేది నా భార్య తమ్ముడు. మీసం రాని వయసులో మా ఇంటికొచ్చాడు, మా కంచాల్లోనే తిని పెరిగాడు. మధ్యాహ్నం వాడు భోజనానికి వెళ్ళినప్పుడు అన్నయ్య ఆ కుర్చీలో కూర్చునేవాడు. అన్నయ్యకు డెబ్బై దాటాయి, వదిన పోయి చాలా కాలమైంది. కౌంటర్ తప్ప ఆయనకు వేరే కాలక్షేపం లేదు.

నెలాఖరున షట్టర్ సగం దించి నేను సరుకంతా లెక్కపెడతాను. పెట్టె పెట్టెకీ సుద్దతో అంకె వేస్తాను. ఆ తర్వాత లెక్కలమ్మాయి వస్తుంది. నాలుగైదు దుకాణాల లెక్కలు చూసే మనిషి. నెల మొదట్లో ఉన్న సరుకుకు కొన్నది కలిపి, చివర్లో మిగిలినది తీసేస్తే అమ్ముడుపోయిన సరుకు అసలు ధర తేలుతుంది. దాన్ని అమ్మకంలోంచి తీసేస్తే మా మిగులు. నూరు అమ్మితే ఇరవై మిగిలేది. ఏళ్ల తరబడి అంతే. ఒక నెల అర అటు, ఒక నెల అర ఇటు.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు మిగులు పదిహేడుకు దిగింది. మరుసటి నెలా పదిహేడే.

"ధర తగ్గించి అమ్ముతున్నారా, బాబాయ్?" అని అడిగింది లెక్కలమ్మాయి.

"లేదమ్మా."

"కొనే ధర పెరిగిందా?"

"లేదు."

"అయితే సరుకు బయటికెళ్ళింది, బిల్లు కాలేదు. కౌంటర్ మీద ఓ కన్నేసి ఉంచండి."

కౌంటర్ అంటే నా బావమరిదే. సుద్దముక్క జేబులో వేసుకుని గోడౌన్లోకి వెళ్ళాను.

ఆ మరుసటి నెల మొదట్లోనే నది వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు బావమరిది అవతలి ఒడ్డున ఉన్న వాళ్ల పెద్దక్కను చూడ్డానికి వెళ్ళాడు. వంతెన కొట్టుకుపోయింది. నెలంతా అక్కడే చిక్కుకుపోయాడు. అన్నయ్యే పొద్దున్నుంచి షట్టర్ దించేదాకా కౌంటర్లో కూర్చున్నాడు. వరదలో కొంపలు మునిగిన వాళ్లంతా పైపుల కోసం వచ్చారు. ఆ నెల లెక్క చూసి లెక్కలమ్మాయి, "సరుకు తడిసి పారేసిందేమైనా ఉందా?" అంది.

"పైపులకు నీళ్లంటే భయమేంటమ్మా," అన్నాడు అన్నయ్య. అందరం నవ్వాం.

ఆ నెల మిగులు మళ్ళీ ఇరవై.

తాత్కాలికంగా వంతెన వేశారు, బావమరిది వచ్చాడు, మళ్ళీ కౌంటర్లో కూర్చున్నాడు. ఆ నెల మిగులు తొమ్మిది.

లెక్కలమ్మాయి కాగితం బల్ల మీద పెట్టింది, వేలు మాత్రం దాని మీంచి తీయలేదు. పదిహేడు, పదిహేడు, ఇరవై, తొమ్మిది. మూడో తరగతి చదువుకైనా అర్థమయ్యే లెక్క. వాడు ఉంటే పడిపోతోంది, లేకపోతే నిలబడుతోంది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు అన్నయ్య. "ఈ అమ్మాయి పట్టింది."

బావమరిది బిల్లు పుస్తకం మూసి నా వైపు చూశాడు. "బావా, నువ్వేమంటావు?"

మాట్లాడ్డం నాకెప్పుడూ చేతకాదు. ఆ రోజు అసలే చేతకాలేదు.

"మీ బావ ఏమంటాడురా," అన్నాడు అన్నయ్య. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి చూశాం గానీ, గోడౌన్ ఖాళీ చేసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాం."

వాడు జేబులోని పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు. అది దుకాణం పెన్ను. సాయంత్రానికి బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

నా భార్య అన్నయ్యనేమీ అనలేదు. ఆయనకు వేళకు అన్నం పెట్టేది, మంచినీళ్లు పెట్టేది. నాకు మాత్రం ఒక్కటే చెప్పింది. "వాడు దొంగైతే పెంచింది నేనే. నన్ను కూడా పంపించెయ్యండి."

"ఊరుకో," అన్నాను.

"మీరు ఊరుకున్నది చాలదూ? ఇద్దరి వంతూ మీరే ఊరుకున్నారు."

ఆ నెలంతా కౌంటర్లో అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. నెలాఖరున నేను మరీ జాగ్రత్తగా లెక్కపెట్టాను, కుళాయిల పెట్టెలు రెండుసార్లు. లెక్కలమ్మాయి ఈసారి కౌంటర్ దగ్గర ఆగలేదు. నేరుగా గోడౌన్లోకి వచ్చి పైపుల కట్ట మీద కూర్చుంది.

"బాబాయ్, పన్నెండు."

నాకు అర్థం కాలేదు. దొంగ పోయాడు కదా.

"అదే నేనూ అనుకున్నాను," అంది. "తొమ్మిదొచ్చిన నెలను పట్టుకుని వేలాడాను. బాగుందనుకున్న నెలను చూడనే లేదు. వరద నెలాఖరున పెద్ద పైపులు నూట నలభై లెక్కపెట్టారు మీరు. పుస్తకం ప్రకారం అప్పటికి ఇరవైకి మించి ఉండకూడదు. మిగతా నూట ఇరవై ఎక్కడివి?"

ఎక్కడివో నాకు తెలుసు. బజారులో బురద ఇంకా ఎత్తనే లేదు, పైపులు తెచ్చిన లారీ సగం చక్రం దాకా కూరుకుపోయింది. దింపింది నేనే. కంపెనీ ఆఫీసులో కూడా నీళ్లు నిలిచాయనీ, బిల్లు వెనక పంపుతారనీ డ్రైవరు చెప్పాడు. అన్నయ్య సరేనన్నాడు. బిల్లు చేతికి రానిది పుస్తకంలో ఎక్కించకూడదని మొదట్నుంచీ ఆయన పెట్టిన పద్ధతి. నేనేమో గోడౌన్లో కంటికి కనిపించిన ప్రతిదాని మీదా సుద్ద గీసేవాణ్ణి. అదీ ఆయన నేర్పిందే.

అదంతా చెప్పాను. ఆమె తల పట్టుకుంది.

"బిల్లు మరుసటి నెల ఐదున వచ్చింది, నలభై వేలు. తారీఖు చూసి ఆ నెలలోనే ఎక్కించాను. సరుకేమో వరద నెల లెక్కలోకి ముందే వచ్చేసింది. కొన్నట్టు రాయని సరుకు చివర్లో మిగిలినట్టు కనిపిస్తే మిగులు పెరుగుతుంది, బాబాయ్. మరుసటి నెల బిల్లు వచ్చి పడితే అంతకంతా తరుగుతుంది."

"ఎంత?"

"నెలకు మన అమ్మకం ఐదు లక్షలు. నలభై వేలంటే నూటికి ఎనిమిది."

ఆమె బిల్లును దాని నెలలోకి మార్చి రాసింది. వరద నెల ఇరవైలోంచి ఎనిమిది పోయి పన్నెండు అయింది. తొమ్మిదికి ఎనిమిది కలిసి పదిహేడు అయింది. ఇప్పుడు వరసగా చదివాను. పదిహేడు, పదిహేడు, పన్నెండు, పదిహేడు, పన్నెండు.

"బిల్లు కాకుండా సరుకు పోవడం నిజమే," అంది. "వరద నెలలో రాని కంపెనీ బిల్లు దాన్ని కప్పేసింది, అంతే. మీ బావమరిది ఉన్న నెలల్లో తక్కువ పోయింది. లేని రెండు నెలల్లో బాగా ఎక్కువ పోయింది. ఆ రెండు నెలలూ కౌంటర్లో..."

గోడ అవతల అన్నయ్య ఎవరికో కుళాయి ధర చెబుతున్నాడు. వాడు ఉండి కూడా పదిహేడే మిగిలిన నెలల్లో ఆ మూడూ ఎటు పోయాయో ఆమె చెప్పకముందే నాకు తెలిసింది. మధ్యాహ్నాలు.

ఆమె వెళ్ళాక తలుపు పక్కన నిలబడి చూశాను. ఒక ప్లంబరు వచ్చి పెట్టెడు కుళాయిలు సంచిలో వేసుకున్నాడు.

"రాసుకో, పెద్దాయనా. శనివారం ఇస్తా."

అన్నయ్య బిల్లు పుస్తకం తెరిచాడు. పెన్ను పట్టుకున్నాడు. పేజీ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఈలోగా ఇంకొకడు టేపు అడిగాడు. లేచి టేపు తీసిచ్చి, డబ్బులు గల్లాపెట్టెలో వేసి, పుస్తకం మూసేశాడు.

"రాశావా?" అన్నాడు ప్లంబరు.

"రాశాను, వెళ్ళు."

అతను వెళ్ళాక నేను ముందుకు వచ్చాను. "అన్నయ్యా, ఆ కుళాయిలు ఎవరు తీసుకెళ్ళారు?"

"ఏ కుళాయిలురా, చిన్నోడా?" అన్నాడు. విసుగ్గా కాదు, మామూలుగానే. "పొద్దుట్నుంచి బోణీయే లేదు."

గల్లాపెట్టె వైపు చూశాను. చిల్లర ఉంది, నోట్లున్నాయి. ఆయన మొహం వైపు చూశాను. అబద్ధం ఆడే మొహం కాదది. ఈ బజారులో ఎవరెంత బాకీయో పుస్తకం తెరవకుండా చెప్పిన మనిషి.

సాయంత్రం బావమరిదిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఊరి చివర సిమెంటు కొట్టులో బస్తాలు దింపుతున్నాడు. కనుబొమల దాకా బూడిద రంగు. నన్ను చూసి బస్తా దించాడు గానీ దగ్గరికి రాలేదు.

"లెక్క తేలింది," అన్నాను.

"తెలుసు. ఆ అమ్మాయి ఇందాక ఇటే వచ్చి, నిలబడి క్షమాపణ చెప్పి వెళ్ళింది."

"ఇంటికి రా."

"పెద్దబావ ఎలా ఉన్నాడు?"

"మరిచిపోతున్నాడు."

తల ఊపాడు. "మధ్యాహ్నాలు నాకప్పుడప్పుడు అనుమానం వచ్చేది. పెద్దాయన్ని పట్టుకుని ఎలా అంటాను? అన్నా నా మీదికే వచ్చేది."

"రా. కౌంటర్ నీదే."

వాడు చేతులు దులుపుకున్నాడు. దుమ్ము ఇద్దరి మధ్యా కాసేపు నిలిచింది.

"లెక్క తేలింది కాబట్టి వచ్చావు, బావా. తేలకపోతే?"

వాడు కాసేపు చూశాడు, నేను మాట్లాడతానేమోనని.

"ఇక్కడ రోజుకూలి. మిగులెంతో ఎవరూ అడగరు," అన్నాడు. "అక్కను అడిగానని చెప్పు. వీలైనప్పుడు వచ్చి చూసిపోతాను. దుకాణానికి మాత్రం రాను."

కొట్టువాడు కేక వేశాడు. వాడు మళ్ళీ బస్తా ఎత్తుకున్నాడు.

ఇంటికొచ్చి నా భార్యకు అన్నీ చెప్పాను. నా జన్మలో అన్ని మాటలు ఒక్కసారి ఆడింది అప్పుడే. ఆమె పొయ్యి ముందు కూర్చుని విన్నది. అన్నయ్య సంగతి వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చివరికి, "ఆయనకు చెప్పకండి," అంది. "చెప్పినా మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ప్రతిసారీ కొత్తగా ఏడుస్తాడు."

మర్నాడు పొద్దున్న అన్నయ్య కంటే ముందే వెళ్ళి షట్టర్ ఎత్తాను. కౌంటర్ తుడిచి, ఆ కుర్చీలో కూర్చున్నాను. ఎన్నడూ కూర్చున్నవాణ్ణి కాను. వీపుకు అదెలాగో ఉంది.

అన్నయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"చిన్నోడా, అది నా చోటు రా."

"అవునన్నయ్యా," అన్నాను. లేవలేదు.

ఆయన వెళ్ళి గుమ్మం పక్కన కొనేవాళ్లు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. మొదటి బేరం ఒక ముసలాయనది, పైపు మలుపుల్లో వేసే ఎల్బోలు నాలుగు కావాలన్నాడు. బిల్లు పుస్తకం తెరిచి, నాకొచ్చిన అక్షరాలతో ఒక్కొక్కటే రాసి, కాగితం చించి అతని చేతిలో పెట్టాను.