చిట్టి మాటలు దాచిన కంపెనీ

చిట్టికి తొమ్మిదేళ్ళు. అన్నీ వింటుంది, అన్నీ అర్థం చేసుకుంటుంది, నోట మాత్రం మాట రాదు. ఆ పిల్ల మాటలన్నీ ఒక టాబ్లెట్‌లో ఉండేవి. తెర మీద బొమ్మను తాకితే అది పలికేది. ఆ గొంతు వాళ్ళమ్మది. బట్టలు కుట్టే పని ముగించి, మిషన్ పక్కనే కూర్చుని, ఒక్కో మాటా ఆవిడే రికార్డు చేసింది.

చిట్టి ఆ బొమ్మలను కలిపి సొంత మాటలు అల్లుకునేది. 'నీళ్ళు', 'పైన' అంటే వాన. వాళ్ళ నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్ కాబట్టి ఆయన పేరు 'పైకి కిందకి'. ఆ పేరు పెట్టి పిలిస్తే తప్ప ఆయన భోజనానికి లేచేవాడు కాదు.

ఒకరోజు పొద్దున యాప్ తెరుచుకోలేదు. తెల్లటి తెర మీద చక్రం ఊరికే తిరుగుతోంది. చిట్టి నొక్కింది, మళ్ళీ నొక్కింది, చివరికి టాబ్లెట్‌ను అమ్మ ఒళ్ళో పెట్టి ఆవిడ ముఖంలోకి చూసింది.

అమ్మ కంపెనీకి మెయిల్ రాసింది. నిమిషంలోనే తిరిగొచ్చింది, అలాంటి చిరునామా లేదని. ఫోన్ చేస్తే నంబరు వాడుకలో లేదన్నారు. చిట్టికి మాటలు నేర్పే టీచరమ్మ వాకబు చేసి, కంపెనీ మూతపడిందని చెప్పింది. చిట్టి మాటలు టాబ్లెట్‌లో లేవట, ఆ కంపెనీ కంప్యూటర్లలోనే ఉండేవట. వాటిని ఆపేశారు.

నెల తిరిగేసరికి చందా మాత్రం ఠంచనుగా కార్డులోంచి పోయింది. నాన్నకు ఒళ్ళు మండింది. రద్దు చేద్దామంటే ఆ మీట తెరుచుకోని యాప్ లోపలే ఉంది. బ్యాంకుకు వెళ్దాం పదమన్నాడు. అమ్మ కదల్లేదు.

"ఆపకండి," అంది. "డబ్బు తీసుకుంటున్నారంటే అక్కడ ఎవరో ఒకరు ఉన్నట్టే కదా. ఖాతా మూసేస్తే పిల్ల మాటలు కూడా చెరిపేస్తారేమో."

ఆయన బ్యాంకు ఊసు వదిలేశాడు. మరుసటి నెల కూడా చందా పోయింది. ఆవిడ దొరికిన ప్రతి చిరునామాకీ రాసింది, కంపెనీ పెట్టినాయన పాత చిరునామాకి కూడా. అన్నీ గోడకు కొట్టిన బంతుల్లా వెనక్కి వచ్చాయి. ఈలోగా చిట్టి టాబ్లెట్ జోలికి వెళ్ళడం మానేసింది. కావలసిన చోటికి అమ్మను కొంగు పట్టి లాక్కెళ్ళేది. కావలసింది కంటి ముందు లేనప్పుడు ఊరుకునేది. ఆ ఊరుకోవడం చూశాకే అమ్మ చెప్పులు వేసుకుంది.

బ్యాంకులో కౌంటరు దగ్గరున్న అమ్మాయి ముందుగా, చందా ఫోన్ యాప్ స్టోర్ ద్వారా కట్టారా, కంపెనీ వెబ్‌సైట్లో కార్డు ఇచ్చారా అని అడిగింది. స్టోర్ ద్వారా అయితే అక్కడే ఆపుకోవచ్చట. వెబ్‌సైట్లో అని నాన్న చెప్పాడు. అలాగైతే ఆ కంపెనీకి ఇచ్చిన అనుమతిని ఇక్కడే రద్దు చేస్తామంది, దానికి వాళ్ళ ఒప్పుకోలు అక్కర్లేదు. కార్డు మార్చేస్తే సరిపోదా అని ఆయన అడిగితే, ఒక్కోసారి కొత్త నంబరు కూడా వాళ్ళకు చేరిపోతుందని, అనుమతి తీసేయడమే పద్ధతని చెప్పింది. యాప్ పనిచేయని నెలల డబ్బు కోసం ఫిర్యాదు పెట్టవచ్చు, వస్తుందని మాట ఇవ్వలేను కానీ, తిరిగొచ్చిన ఆ మెయిళ్ళు సాక్ష్యంగా పనికొస్తాయంది.

అమ్మ కౌంటరు మీదికి వంగింది.

"ఆ డబ్బు తీసుకుంటున్నవాళ్ళతో నన్నొక్కసారి మాట్లాడించమ్మా," అంది.

కౌంటరు అమ్మాయి చేస్తున్న పని ఆపింది. "అక్కడ ఎవరూ ఉండి ఉండరండీ. మనుషులు వెళ్ళిపోయినా, నెలనెలా వసూలు చేసే ఏర్పాటును ఎవరూ ఆపినట్టు లేదు. అది దానంతటదే నడుస్తోంది."

"మేం ఆపితే పాప మాటలు పోతాయా?"

"మీరు ఆపడం వల్ల ఏమీ పోదమ్మా."

అమ్మ తల ఊపింది. అనుమతి రద్దయింది. వచ్చే నెల ఖాతా ఒకసారి చూసుకోండి అని ఆ అమ్మాయి చెప్తుంటే నాన్నే విన్నాడు. అమ్మ అప్పటికే తలుపు దగ్గరికి వెళ్ళి, గాజులోంచి రోడ్డును చూస్తూ నిలబడింది.

చందా ఆగింది. కొన్ని వారాలకు ఆ రెండు నెలల డబ్బూ తిరిగొచ్చింది. టీచరమ్మ ఇంకో యాప్ చూపించింది, మాటల్ని ఇంట్లోనే నకలు తీసి దాచుకునే వీలున్నది. అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. ఆకలి, నిద్ర, నొప్పి, బయటికి, వద్దు. ఆవిడ గొంతు మధ్యమధ్యలో జీరపోతే, ఆపి మంచినీళ్ళు తాగి మళ్ళీ పలికేది. చిట్టి మొదట దూరంగా కూర్చుంది, తర్వాత పక్కకు చేరింది.

తమకు గుర్తున్న మాటలన్నీ వాళ్ళు పెట్టగలిగారు. కానీ చిట్టి తనకు తానుగా అల్లుకున్నవి ఇంకెన్నో ఉన్నాయి. అవేమిటో పూర్తిగా తెలిసింది ఆ పిల్లకొక్కదానికే. కొత్త యాప్‌లో బొమ్మలు వేరు. అడిగితే చిట్టి ఆ తెర మీద బొమ్మలన్నీ ఒక్కొక్కటే వెతికేది, కాసేపటికి వేలు వెనక్కి తీసుకునేది.