ఆశ్వయుజంలో కాలీఫ్లవర్

మా ఆయన కుముద్ బాబు రైల్వేలో ముప్పై ఏళ్ళు గూడ్సు బళ్ళు ఎక్కడున్నాయో చెప్పగలిగాడు గానీ, ఏ నెలలో ఏ కూర దొరుకుతుందో ఏనాడూ చెప్పలేకపోయాడు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. మా మరిది ఉన్నన్నాళ్ళు బజారు సంచి అతని చేతిలోనే ఉండేది. మరిదికి సిలిగురి బదిలీ అయింది, ఈయనకి రిటైర్మెంటు వచ్చింది, సంచి ఈయన చేతికొచ్చింది. నేను వెళ్తానంటే వినలేదు. కలకత్తా శ్యాంబజారులో మగాడు ఇంట్లో కూర్చుని ఆడదాన్ని బజారుకి పంపితే సందంతా నవ్వుతుందట.

మొదటి రోజు భాద్రపదం ఎండలో చెమటలు కక్కుతూ వచ్చి సంచి బోర్లించాడు. కాలీఫ్లవర్ ఒకటి, టొమాటోలు అరకిలో.

"ఏవండీ, ఇదేంటి?" అన్నాను.

"కాలీఫ్లవర్. నీకిష్టం కదా."

నాకిష్టమే. పుష్యమాసంలో, మంచు పడ్డాక, తెల్లగా గట్టిగా బిగిసిన పువ్వంటే ఇష్టం. అది నూనెలో పడగానే పక్కింటివాళ్ళకి కూడా ఆకలేస్తుంది. ఈయన తెచ్చింది పిడికెడంత ఉంది, పసుప్పచ్చగా ఉంది, వానకి నాని రెక్కలు విడిపోయి ఉంది. వండితే దూది ఉడికినట్టు ఉడికింది. రుచా? చెప్పుకోవద్దు.

అయితే అసలు గొడవ వంటింట్లో మొదలవలేదు, సందు మొదట్లోనే మొదలైంది. మా సందులో ఎవరు బజారు నుంచి వచ్చినా ఎదురింటి మేడ మీద నుంచి, సందందరికీ పెద్దమ్మ వరసైన శైల జేఠిమా ప్రశ్న పడుతుంది. ఆవిడకి ఎనభై దాటాయి, మోకాళ్ళు పోయాయి, గొంతు మాత్రం పోలేదు.

"ఏరా కుముద్, కాలీఫ్లవరా? ఎంత పడింది?"

యాభై ఐదు పడింది. ఈయన ఆ మాట అనబోయాడట. అప్పుడే వెనకాల నిర్మల్ మిత్తిర్ హిల్సా చేప వేలాడేసుకుని వస్తున్నాడట. ఆయన ముందు వెర్రివాడిననిపించుకోవడం ఇష్టంలేక, "పాతిక, జేఠిమా" అన్నాడు.

"పాతికేనా! బంగారం రా నువ్వు!"

ఇంకేముంది, ఆ మెచ్చుకోలు తలకెక్కింది. మర్నాటి నుంచి ఎనభై పెట్టి కొన్న టొమాటో ముప్పై అయింది. ఎక్కడో శీతల గిడ్డంగిలో నిద్రపోయి వచ్చిన బఠాణీ, మా ఆయన నోట్లో పడేసరికి సగం ధరకి దిగింది. వారం తిరిగేసరికి కుముద్ బాబంత బేరగాడు ఉత్తర కలకత్తాలో లేడని పేరొచ్చింది. నన్ను వదిన వరసలో, ఈయన్ని అన్న వరసలో పిలిచే పక్కింటి కోడలు నన్ను ఆపి, "బౌదీ, దాదాకి ఏ కొట్టువాడు ఇస్తున్నాడో కాస్త చెప్పరూ?" అని బతిమాలింది. కనుక్కుని చెబుతానన్నాను. కనుక్కోనక్కర్లేకుండానే నాకు తెలుసు, మా పోపుల డబ్బాలో డబ్బు కరిగిపోతోంది కనుక.

మహాలయ అమావాస్యకి ముందు ఒక సాయంత్రం దుర్గా పూజా కమిటీ కార్యదర్శి పోల్టూ మా ఇంటికి ఊడిపడ్డాడు.

"దాదా, అష్టమి నాడు అమ్మవారి భోగం కూరగాయల బాధ్యత ఈసారి మీదే. కిచిడీలో కాలీఫ్లవర్, బఠాణీ, పక్కన టొమాటో చట్నీ. సందందరికీ. మీ ధరలే పట్టుకుని లెక్క వేసేశాం. ఇదిగో డబ్బు."

ఈయన ముఖం చూడాలి. ముప్పై ఏళ్ళ సర్వీసులో గూడ్సు బండి తప్పిపోయినా అంత తెల్లబోయి ఉండడు.

పోల్టూ మెట్లు దిగగానే కుర్చీలో కూలబడి, "పూజలయ్యాక పూరీ జగన్నాథానికి వెళ్దామనుకున్నాం చూడు" అని నసిగాడు.

"అనుకున్నాం."

"ఆ డబ్బు కాస్త ఇందులో కలిపితే..."

నాకు ఒళ్ళు మండిపోయింది. సముద్రం చూసి పన్నెండేళ్ళయింది. రెండు చీరలు ఇస్త్రీ చేయించి పెట్టె అడుగున పెట్టుకున్నాను. "మీ గొప్పకి నా సముద్రం తాకట్టు పెడతారా? వెళ్ళి పోల్టూకి నిజం చెప్పండి" అన్నాను.

"చంపినా చెప్పను."

"పూరీ డబ్బు ముట్టుకుంటే నేను చంపుతాను."

నేను చాయ్ పెట్టాను, కోపంలో చక్కెర వేయడం మర్చిపోయాను, ఆయన నోరెత్తకుండా తాగాడు. ఆ తాగడం చూసి కాస్త జాలేసింది.

"సరే వినండి. నేను నదియా జిల్లాలో పొలాల మధ్య పుట్టాను. ఏ నెల ఏది చవకో అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మీరు ఏడాది పొడుగునా ఒక్క పువ్వు కోసం ఏడుస్తారు. ఫాల్గుణంలో మునగపువ్వు, చైత్రంలో మునక్కాయ, వైశాఖంలో లేత పనస, జ్యేష్ఠంలో మామిడి, వానల్లో బచ్చలి, బీర, చేమ. ఏది విరగకాస్తుందో అదే చవక, అదే రుచి. సరస్వతీ పూజకి ముందు రేగుపళ్ళు తింటే పరీక్ష తప్పుతారని పిల్లల్ని ఎందుకు బెదిరిస్తాం? అప్పటిదాకా అవి పచ్చి, పులుపు, దగ్గు కనుక."

"మరి ఆశ్వయుజంలో ఏముంది?"

"గుమ్మడి ఉంది, చేమదుంప ఉంది, పర్వల్ ఆఖరు కాపు ఉంది, బొబ్బర్లకాయ ఉంది, బచ్చలి ఉంది. పులుపుకి చాల్తా కాయ ఉంది. టొమాటోకి వానలంటే పడదు, కుళ్ళిపోతుంది, దూరం నుంచి రావాలి, అందుకే ఆ ధర. చాల్తా ఇప్పుడే పండుతుంది."

"కానీ వాళ్ళు కాలీఫ్లవర్ అడిగారే!"

"అది మీ నోరు తెచ్చిన తంటా. మీ నోటితోనే తీర్చుకోండి."

మర్నాడు కమిటీ ముందు ఆయన చేసిన ప్రసంగం నేను కిటికీలోంచి విన్నాను.

"ఆశ్వయుజంలో కాలీఫ్లవరా?" అని ముక్కు ఎగబీల్చాడు. "చలి తగలని పువ్వుకి వాసనుంటుందా, రుచుంటుందా? ఏడాదికోసారి పుట్టింటికొచ్చే దుర్గమ్మకి ఉడికిన దూది పెడతారా?"

"మరి మీరు రోజూ అదే తెచ్చారు కదా దాదా?" అన్నాడు పోల్టూ.

ఈయన ఒక్క క్షణం తడబడి, "తిని చూడకుండా ఎలా చెప్తాన్రా? మీ అందరి కోసం నేను నోరు పాడుచేసుకున్నాను" అన్నాడు. ఆ మాటకి నాకు పొర పోయింది. వాళ్ళు మాత్రం చేతులు జోడించినంత పని చేశారు.

తర్వాత ఆయన సంచి పట్టుకున్నాడు, నేను ఆయన్ని పట్టుకున్నాను. పంచమి నుంచి అన్ని ధరలూ ఎగబాకుతాయి కనుక, నిలవుండేవి ముందే కొనిపించాను. గుమ్మడికాయలు తొడిమతో సహా, గోరు దిగనంత గట్టి తోలున్నవి. అలాంటివి వారాలపాటు చెడవు. వాటిని మా మంచం కింద దొర్లించాం. రాత్రి ఆయన కాలు తగిలి ఒకటి దొర్లితే దొంగలొచ్చారని అరిచాడు. చేమదుంపలు మట్టి దులపకుండా గోనెలో పోశాం. బచ్చలి మాత్రం ముందు కొంటే వాడిపోతుంది. అష్టమి పొద్దున్నే దక్షిణం వైపు నుంచి మొదటి లోకల్ బళ్ళలో పల్లె ఆడవాళ్ళు కట్టలు దింపే చోటికి, సియాల్దా స్టేషన్ బయటికి ఆయన్ని లాక్కెళ్ళాను. ముదిరిన పర్వల్ తీసుకోబోతే చేతి మీద ఒక్కటిచ్చాను.

"పసుపు తిరిగింది చూడండి. లోపల గింజ రాయిలా ఉంటుంది."

"అందరూ చూస్తున్నారే!"

"చూడనీండి. నేర్చుకుంటారు."

అష్టమి మధ్యాహ్నం పందిట్లో బంతులు లేచాయి. వేయించిన పెసరపప్పు కిచిడీ, గుమ్మడీ చేమా బచ్చలీ కలిసి కరిగిపోయిన లాబ్డా కూర, బెల్లంలో ఉడికిన చాల్తా చట్నీ. జనం ఆకులు నాకారు. ఒకాయన కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు వాళ్ళమ్మ చేసిన చట్నీ ఇదేనన్నాడు. కమిటీ ఇచ్చిన డబ్బులో ఇంకా మిగిలింది. పూరీ డబ్బు జోలికి మేం వెళ్ళనేలేదు. నా సముద్రం నాకు దక్కిందని మనసులో దుర్గమ్మకి దండం పెట్టుకున్నాను.

అంతలో పోల్టూ బల్ల ఎక్కాడు. "దాదా చేతి మహిమ చూశారుగా! విజయదశమికి ఇంటింటికీ చుట్టాలొస్తారు, అందరూ కాలీఫ్లవర్ సమోసాలు చేస్తారు. దేవికి వద్దుగానీ మనకేం? ఇంటికి రెండేసి పువ్వులు దాదా తెచ్చిపెడతారు. పాతిక్కి!"

చప్పట్లు మోగాయి. ఈయన చట్నీ గరిటె పట్టుకుని నా వైపు చూశాడు. ఇంటికి రెండు అంటే పూరీ పోయినట్టే. నేను కళ్ళతోనే చెప్పాను: ఇక మీ ఇష్టం.

ఆయన గరిటె దించాడు. "పాతిక కాదు" అన్నాడు.

"ముప్పయ్యా? పరవాలేదు దాదా."

"యాభై ఐదు. మొదట్నుంచీ యాభై ఐదే. నేను అబద్ధం చెప్పాను. టొమాటో కూడా. బఠాణీ కూడా. మంచి పువ్వు కావాలంటే మార్గశిరం దాకా ఆగండి, అప్పుడు ఎవడైనా పాతిక లోపే తెస్తాడు."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తిట్టుకున్నా కొట్టుకున్నా నా మొగుడు, ఆయన్ని అలా నిలబెట్టి చూడటం నాకు కష్టంగా ఉంది. లేచి పక్కన నిలబడదామనుకుంటున్నాను, ఇంతలో నిర్మల్ మిత్తిర్ ఆకు ముందు నుంచి దగ్గాడు.

"నా హిల్సా కూడా... నేను చెప్పినంతకి రాలేదు" అన్నాడు.

"ఎంత తేడా అండీ?" అని ఆయన భార్య అరిచింది. ఆయన ఇంకాస్త కిచిడీ అడిగాడు. ఆ పక్కన ఇంకొకడు లిచీల సంగతి ఒప్పుకున్నాడు, మరొకడు రొయ్యల సంగతి. ఆడవాళ్ళ వరసలో ముందు నవ్వు మొదలైంది, తర్వాత లెక్కలు మొదలయ్యాయి. పోల్టూ బల్ల దిగి ఎటో జారుకున్నాడు, వాడి బేరాల సంగతి ఎవరూ అడక్కముందే.

శైల జేఠిమాని ఆ రోజు కుర్చీతో సహా మోసి కిందికి దించారు. ఈయన తలొంచుకుని ఆవిడ ఆకు దగ్గరికి వెళ్ళాడు. "క్షమించు జేఠిమా. రోజూ నిన్ను మోసం చేశాను."

"మోసమేంట్రా? మోకాళ్ళు ఉన్నన్నాళ్ళు నా సంచి నేనూ మోశాను. వానల్లో ఆ పువ్వు పాతిక్కి ఎవడిస్తాడో నాకు తెలీదూ?"

"మరి రోజూ ఎందుకడిగావు?"

ఆవిడ చాల్తా పీచు తీరిగ్గా నమిలి పక్కన పెట్టింది. "మా ఆయన, మీ జేఠూ, కూడా బజారు నుంచి వచ్చి ఇలాగే సగం ధర చెప్పేవాడు. ఆయన పోయాక నాకు అబద్ధం చెప్పేవాళ్ళే లేకుండా పోయార్రా."

మా ఆయన గరిటె నింపి ఆవిడ ఆకులో ఇంకాస్త చట్నీ వేశాడు. ఆవిడ తలెత్తి, మేడ మీద నుంచి అడిగే గొంతుతోనే అడిగింది.

"ఏరా కుముద్, చాల్తా కాయ ఎంత పడింది?"

కాయ పది రూపాయలు. నేను పక్కనే ఉండి బేరమాడి కొనిపించాను.

"అయిదు, జేఠిమా" అన్నాడు.

"బంగారం రా నువ్వు" అంది ఆవిడ. నేను కిచిడీ గిన్నె అందుకుని పక్క బంతికి వెళ్ళిపోయాను.