ఆర్డిస్‌కు ఇచ్చిన కోకో

మా ఆయన డ్వేన్‌లో ఒక్కటే లోపం, కాకపోతే అది ఆయనంత పొడుగు. కానుక కొనమంటే పనికొచ్చేదే కొంటాడు. పెళ్ళయిన కొత్తలో నా పుట్టినరోజుకు మంచు ఎత్తిపోసే పార కొన్నాడు. మరుసటి ఏడు దానికి కొత్త పిడి. మూడో ఏడు నేనే మా అమ్మగారింటికి వెళ్ళిపోయాను, ఏం కొంటాడోనన్న భయంతో.

ఆర్డిస్‌కు కొనడంలో మాత్రం ఆయన్ని మించినవాడు మిన్నెసోటాలో లేడు. కారణం వెతకనక్కర్లేదు. ఆమెకిచ్చినవన్నీ కేకులై మా ఇంటికే తిరిగొస్తాయి.

ఆర్డిస్ మా పక్కవీధిలో ఉంటుంది. నాకు స్నేహితురాలు, మా చర్చికి ఆస్తి. ఆమె బేకింగ్ మొదలుపెట్టినప్పుడు పిండిని కాఫీ కప్పుతో కొలిచేది. ఆ కప్పుకు పిడి కూడా ఉండేది కాదు. అందుకని మొదటి క్రిస్మస్‌కు కొలత గిన్నెలు, చెంచాలు కొన్నాడు డ్వేన్. తర్వాత మందపాటి అల్యూమినియం పళ్ళెం, ఎందుకంటే పాత పలచటి పళ్ళెం వేడికి వంగి ఓవెన్‌లో తుపాకీ పేలినట్టు చప్పుడు చేసేది. ఆ తర్వాత ఓవెన్‌లో వేలాడదీసే థర్మామీటరు. అది పెట్టిన రోజునే ఓవెన్ బండారం బయటపడింది. మీట మీద ఒక వేడి, లోపల ఇంకో వేడి. అచ్చం మా ఊరి జనంలాగే. ఆ తర్వాత త్రాసు, అడుగు ఊడదీసుకునే కేకు గిన్నె. వీటన్నిటితో ఆమె చెయ్యి తిరిగింది. పనిముట్లు అయిపోయాక మా ఆయన సరుకుల మీద పడ్డాడు. వెనిల్లా కాయలు, మంచి చాక్లెట్టు.

పోయిన క్రిస్మస్‌కు మినియాపొలిస్‌లో ఒక ఖరీదైన కొట్టు నుంచి కోకో పొడి డబ్బా తెచ్చాడు. పొడి దాదాపు నల్లగా, వెన్నలా నున్నగా ఉంది. "చేయి తిరిగినవాళ్ళు ఇదే వాడతారట" అన్నాడు. ఆర్డిస్ మురిసిపోయింది. తన పాత కోకో అయిపోగానే ఈ పొడిని గట్టు మీది గాజుసీసాలో పోసుకుంది. డబ్బా బాగుందని అందులో గుండీలు దాచుకుంది.

ఫిబ్రవరిలో మా చర్చి పెద్దాయన హార్లన్ పోయాడు. మా ఊళ్ళో ఎవరు పోయినా సమాధి దగ్గర్నుంచి నేరుగా చర్చి కింది గదిలోకి వచ్చి భోంచేస్తాం. ఆ భోజనంలో ఆర్డిస్ చాక్లెట్ కేకు ఉండి తీరాలి. అది వాళ్ళ నాయనమ్మ పద్ధతి. మరిగే నీళ్ళలో వంటసోడా వేసి, ఆ నీళ్ళు కోకో మీద పోసి, మిగతావి కలుపుతారు. పుల్లమజ్జిగ వెయ్యరు. హార్లన్ బతికుండగా, తన చావు భోజనానికి ఆ కేకు ఉంటుందని తెలిస్తే వెళ్ళడానికి తనకేం అభ్యంతరం లేదనేవాడు.

ఆ రోజు కేకు పొంగలేదు. తారురోడ్డు ముక్కలా నల్లగా, చదునుగా ఉంది. పాస్టరు ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు ప్రార్థన చేస్తున్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

"వేరేగా ఉందమ్మా ఆర్డిస్" అన్నాడు చివరికి.

మా ఊళ్ళో దాన్ని మించిన తిట్టు లేదు.

హార్లన్ మనవరాలికి ఇంకా మర్యాద నేర్పలేదు. "సబ్బులా ఉంది" అంది. వాళ్ళమ్మ దాని చెయ్యి పట్టుకుని లాగింది, కానీ మాట గది దాటిపోయింది. అందరూ కాఫీ వైపు నడిచారు. ఆర్డిస్ అక్క లవాన్ ఒక్కతే కేకు దగ్గర నిలబడి, చిన్న ముక్క తుంచి వాసన చూసి, నాలుక మీద పెట్టుకుంది. ఆమె ముఖంలో రక్తం లేదు.

లవాన్ గురించి చెప్పాలి. వాళ్ళమ్మకు మతిమరుపు జబ్బు వచ్చి, పోయేదాకా చూసుకున్నది ఆమే. ఆ జబ్బు వంటింట్లోనే మొదలైంది. పంచదార బదులు ఉప్పు వేసిన బిస్కెట్లతో. మొదట అందరూ నవ్వారు. తర్వాత ఓవెన్ మీద వదిలేసిన తువ్వాలు అంటుకుంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

పాత సోడా చవిచచ్చిందేమోనని మర్నాడు ఆర్డిస్ కొత్త పెట్టె కొని మళ్ళీ చేసింది. అదీ పొంగలేదు. మూడోసారి సోడా కాస్త ఎక్కువ వేసింది. ఈసారి సబ్బు రుచి నాకే తెలిసింది, ఎందుకంటే తిన్నది నేనే.

"గిన్నెలు కడిగే సబ్బు నీళ్ళేమైనా కలిపేశానంటావా, మార్లిస్?" అని అడిగింది నన్ను. గొంతు పిల్లదానిలా ఉంది.

"పిచ్చిదానా, కలిపితే గుర్తుండదా?"

"గుర్తుండకపోవడమే కదా జబ్బంటే."



ఆ వారంలోనే లవాన్ వచ్చి పొయ్యి మీటలు, ఓవెన్ మీటలు అన్నీ ఊడబీకి సంచిలో వేసుకుంది. అమ్మకూ అలాగే చేసిందట. నేను అక్కడే ఉన్నాను.

"లవాన్, కేకు పాడైతే మీటలు పీకేస్తారా? ఆ లెక్కన ఈపాటికి మాకు ఇల్లే ఉండకూడదు."

"నువ్వు నవ్వించడానికి చూడకు" అంది ఆమె. "నువ్వు మా అమ్మకు స్నానం చేయించావా? కన్నతల్లే నీ పేరు అడిగితే నువ్వు ఏడ్చావా?"

ఆర్డిస్ కుర్చీలో కూర్చుని, ఖాళీ కన్నాల్లా మిగిలిన మీటల చోట్లను చూస్తూ ఉంది. తర్వాత మెల్లగా, "పీకనియ్యి మార్లిస్. తనకు తెలుసు" అంది.

ఆ మాటతో నాకు భయం వేసింది. డాక్టరు ఇచ్చిన తేదీకి ఇంకా చాలా రోజులున్నాయి, ఆమె మాత్రం తీర్పు అప్పుడే ఒప్పేసుకుంది. ఫోను తీయడం మానేసింది. చర్చిలో పాట పుస్తకం తెరిచి, పాట మొదలయ్యాక కూడా పేజీలు వెతుక్కునేది. నేను చూసి, ఇదంతా జబ్బా, జబ్బు వచ్చిందన్న నమ్మకమా అని నన్ను నేనే అడుక్కునేదాన్ని. మార్చి నెలంతా మంచు కరగలేదు. ఆమె కిటికీ తెరలూ తెరుచుకోలేదు.

ఒకరోజు నన్ను పిలిచి పెట్టెలు చూపించింది. కొలత గిన్నెలు, త్రాసు, అడుగు ఊడే గిన్నె, మా ఆయన ఏళ్ళ తరబడి తెచ్చినవన్నీ.

"చర్చిలో పెట్టే పాత సామాన్ల అమ్మకానికి పంపేస్తున్నా. ఎవరైనా కొత్తగా నేర్చుకునే పిల్లకు పనికొస్తాయి. ఈ కోకో నువ్వు తీసుకో. డ్వేన్ కొన్నది, పారెయ్యడానికి మనసు రావట్లేదు."

"ఇవ్వకే, ఆర్డిస్."

"తెలివున్నప్పుడే ఇవ్వాలి. అమ్మ ఏవి ఎవరివో మర్చిపోయాక, మేం పంచుకున్నాం."

సీసా చేత్తో పట్టుకుని ఇంటికి నడిచాను. దారంతా జారుడు మంచు. పడితే సీసా పగులుతుందని జాగ్రత్తగా నడిచానే తప్ప కాళ్ళ గురించి ఆలోచించలేదు.

ఏప్రిల్‌లో ఇంకొకరు పోయారు, మా ఊళ్ళో చలికాలం చివర అలాగే పోతారు. చర్చి ఆడవాళ్ళు కేకు నన్ను చెయ్యమన్నారు. ఆర్డిస్ నాయనమ్మ పద్ధతిలోనే చేద్దామనుకున్నాను. ఆమె మీది అభిమానంకొద్దీ ఆ సీసాలోని కోకోనే తీశాను. మరిగే నీళ్ళలో సోడా వేసి కోకో మీద పోశాను. ఆర్డిస్ ఇలా పోసినప్పుడు గిన్నె అంచుదాకా నురగ లేచేది, ఆ చప్పుడు ఆమె వంటింటి గుమ్మం దగ్గరికే వినిపించేది. నా గిన్నెలో నల్లటి బురద ఉంది. ఏ చప్పుడూ లేదు.

నాకు చెయ్యి తిరగలేదనుకుంటే సరిపోయేది, అలవాటే. కానీ నా అల్మారాలో ఎప్పట్నుంచో వాడే చవక కోకో ఉంది. ఎందుకో దాన్ని ఇంకో గిన్నెలో వేసి అలాంటి సోడా నీళ్ళే పోశాను. బుస్సుమని పొంగి గట్టు మీద కారింది.

డ్వేన్ వచ్చి కారింది చూసి, "తుడిచే గుడ్డ కానుకగా కొనమంటావా?" అన్నాడు.

"నీ కోకో తెచ్చిన తంటా ఇది."

"నా కోకోనా! అది ఈ చెత్తకు నాలుగింతల ఖరీదు."

"ఖరీదే కదా! ఖరీదు పెట్టి దాని పులుపు తీయించారు."

ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. కళాశాలలో చదివిన రసాయనశాస్త్రం కొన్నేళ్ళకొకసారైనా పనికొస్తుంది.

ఆ మధ్యాహ్నమే రెండు కోకోలూ సోడా పట్టుకుని ఆర్డిస్ ఇంటికి వెళ్ళాను. లవాన్ అక్కడే ఉంది. చెల్లెలికి రాత్రి భోజనం తెచ్చింది. పొయ్యీ ఓవెనూ పనిచెయ్యవు కదా. నేను కరెంటు కెటిల్‌లో నీళ్ళు మరగబెట్టి, సోడా వేసి, వాళ్ళ ముందు రెండు గిన్నెలు పెట్టాను.

"ఇది డ్వేన్ తెచ్చింది. ఇది మామూలుది. చూడండి."

పోశాను. ఒకటి పొంగింది. ఒకటి పొంగలేదు.

"మామూలు కోకోలో పులుపుంటుంది. సోడాకు పులుపు తగిలితేనే పొంగు. దీన్నేమో క్షారంతో కలిపి పులుపు చంపేశారు, అందుకే ఈ నలుపు, ఈ నునుపు. మంచి సరుకే, తన పులుపు తనలోనే ఉన్న బేకింగ్ పౌడర్ వేసే కేకులకు. మీ నాయనమ్మ కేకులో కోకో తప్ప పులుపే లేదు. అందుకని సోడా సోడాగానే మిగిలిపోయింది. ఆ సబ్బు రుచి సోడాదే. ఎవరూ ఏ సబ్బూ పొయ్యలేదు."

 ఆర్డిస్ పొంగిన గిన్నెలో వేలు ముంచి నాకింది. తర్వాత రెండోదాంట్లో. అలా మళ్ళీ మళ్ళీ. ఆమె సంతోషిస్తుందని నేను పరుగెత్తుకొచ్చాను. ఆమె ఏడుపు మొదలుపెట్టింది, ఆగేలా లేదు.

"నా గిన్నెలన్నీ ఇచ్చేశాను" అంది. "నేను పోయినదాన్నని అనుకుని అన్నీ ఇచ్చేశాను. పొద్దున లేచి ఇవాళ రోజేమిటో నాకు నేనే పరీక్ష పెట్టుకుంటున్నాను, లవాన్. తప్పు చెప్పానేమోనని మళ్ళీ అడుక్కుంటున్నాను. రెండు నెలలు."

లవాన్ కుర్చీ అంచున కూర్చుంది. కోటు ఇంకా తీయలేదు.

"డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళ్దాం" అంది.

"వెళ్దాం. జబ్బుంటే ఉంటుంది. అది వేరే." ఆర్డిస్ కళ్ళు తుడుచుకోలేదు. "కానీ నువ్వు ఒక్క కేకు తిని నన్ను పాతిపెట్టావు."

"అమ్మప్పుడు నేను ఆలస్యంగా చూశాను, ఆర్డిస్. అందరితో పాటు నేనూ నవ్వాను. ఈసారి ఆలస్యం కాకూడదని..." లవాన్ ఆగింది. బయట ఎవరో మంచు గీకుతున్న చప్పుడు. "ఆ రోజు కేకు నోట్లో పెట్టుకున్నప్పుడు, నీ చెయ్యి తప్పిందా, సరుకు మారిందా అని కూడా అడగలేదు నేను. నీ ముఖం కేసి చూశాను, అమ్మే కనబడింది."

"అయితే?"

"అయితే ఏముంది."

"చెప్పు."

లవాన్ నాకేసి చూసింది, నేను వెళ్ళిపోతే బాగుండన్నట్టు. నేను కదలలేదు. ఆ గదిలో సాక్షి అవసరమనిపించింది.

"తప్పు నాది" అంది లవాన్. "నీకేం కాలేదు. నేనే తప్పు చేశాను."