రెండో వరుస

పెద్దబాపు బిక్షం పంపిన ఫొటో సోమవారం పొద్దున తొమ్మిదింటికి జయశీల ఫోనులో మెరిసింది. విమానాశ్రయం కార్గో షెడ్డులో, మందుల పెట్టెల మీది ఇంగ్లిషు కాగితాలను సరిచూసే పని ఆమెది. సొంతూరు పాల్మాకులలో ఎవరికి ఇంగ్లిషు కాగితం వచ్చినా, అది బ్యాంకుదైనా దవాఖానదైనా, ముందు ఆమె ఫోనుకే చేరేది. ఈసారి వచ్చింది మట్టి పరీక్ష కార్డు.

ఫొటో వెనకాలే ఆయన గొంతు రికార్డు వచ్చింది. “బిడ్డా, టమాట ఆకుల అంచులు మాడుతున్నయ్. ఆకలి మీదున్నయ్ మొక్కలు. ఎంత ఎరువెయ్యాల్నో గదొక్కటి సదివి చెప్పు, సాలు.”

బిక్షం ఆ కార్డును గట్టు మీద పరచి, గాలికి లేవకుండా ఎడమ బొటనవేలితో అదిమిపట్టి, కుడిచేత్తో ఫొటో తీశాడు. టమాట పసరుతో నల్లబారిన గోరు, దాని కింద చీలిన చర్మం, పక్కన వరుసగా అంకెలు. ఉదజని సూచిక, అంటే పీహెచ్, ఎనిమిది పాయింట్ ఒకటి: మట్టి కొంచెం క్షార గుణం గలది. సేంద్రియ కర్బనం తక్కువ. నత్రజని హెక్టారుకు నూట అరవై ఎనిమిది కిలోలు, తక్కువ. భాస్వరం ఎక్కువ, పొటాష్ ఎక్కువ. కింద సలహా వరుసలో టమాటకు యూరియా హెక్టారుకు మూడు వందల తొంభై కిలోలు, మూడు దఫాలుగా.

హెక్టారు అనే మాటను జయశీల అలాగే వదిలేయలేదు. పెద్దబాపుకు ఉన్నది ఎకరం, ఆయన లెక్క సంచుల్లో. రెండున్నర ఎకరాలకు రవ్వంత తక్కువైతే ఒక హెక్టారు. భాగించి చూస్తే ఎకరానికి నూట యాభై ఎనిమిది కిలోలు, అంటే నలభై ఐదు కిలోల సంచులు మూడున్నర. దఫాకు ఒక సంచి, దాని మీద కొంచెం. డీఏపీ, పొటాష్ అసలు వద్దు. టీ విరామంలో నిలబడి, మాట మాట విడదీసి ఆమె గొంతు రికార్డు చేసి పంపింది. తప్పు లేకుండా చెప్పానని మనసులో చిన్న సంతోషం కూడా కలిగింది.

వరుసల అంకెలు ఒకటి తర్వాత మూడుకు దూకడం ఆమె చూడకపోలేదు. రెండోది బొటనవేలి కింద ఉంది. పెద్దబాపు అడిగింది ఎరువు, ఎరువు మాట కింద స్పష్టంగానే ఉంది. వేలు తీసి మళ్లీ పంపమని పెద్దమనిషిని ఇబ్బంది పెట్టడం ఎందుకనుకుంది. బుధవారం మధ్యాహ్నం కలుపు తీయించి మొదటి దఫా వేస్తానని ఆయన బదులిచ్చాడు.

బుధవారం ఒంటి గంటకు పక్క పొలం వీరేందర్ నుంచి ఫొటో వచ్చింది.

“మీ పెద్దబాపుకొక్కనికే సదివి పెడ్తవా అక్కా? మేము గట్టవతలోళ్లం కామా?”

జయశీల నవ్వుకుంటూ కార్డు తెరిచింది. వీరేందర్ దాన్ని నున్నటి బల్ల మీద పెట్టి తీశాడు, ఏ వరుసా దాగలేదు. రెండో వరుసలో విద్యుత్ వాహకత. మట్టిలో కరిగిన ఉప్పెంతో చెప్పే అంకె అది. ఒకటి లోపుంటే భయం లేదు. అక్కడ మూడు పాయింట్ ఆరు ఉంది, పక్కన ఎర్ర గుర్తుతో పైరు ఎదుగుదలకు హాని అని ఉంది.

ఆమె నవ్వు ఆగిపోయింది. వీరేందర్ పొలానికీ, పెద్దబాపు పొలానికీ నడుమ ఒక గట్టు, ఒకటే బోరు. నిరుడు నీళ్లందక ఆ బోరును ఇద్దరూ కలిసి మరింత లోతుకు దింపించారు. అప్పటి నుంచి నీళ్లు వెచ్చగా వస్తున్నాయని, తాగితే నాలుకకు ఏదోలా ఉందని పెద్దబాపు ఒకసారి అన్నాడు. అందరూ ఆ మాట విని మరిచిపోయారు.

ఆకుల అంచులు మాడుతున్నది ఆకలితో కాకపోతే?

ఆమె ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. ఎరువు చల్లి నీళ్లు పెట్టేటప్పుడు ఫోను తడుస్తుందని ఆయన దాన్ని మోటారు గదిలో పెట్టి పోతాడు. ఎనిమిదిసార్లు చేసింది. రెండింటికి షిఫ్టు దిగగానే షేరు ఆటో ఎక్కింది. తల మీదుగా విమానం ఒకటి చక్రాలు చాచి దిగుతుంటే దాని నీడ రోడ్డు దాటి, ఆటోను దాటి, ఎండిన చేలను ఒక్క క్షణం కప్పి వెళ్లిపోయింది. ఎందుకో ఆమెకు ఆ నీడ వెనక్కి వస్తుందేమో అనిపించింది.

పొలం చేరేసరికి ఖాళీ సంచి గట్టు మీద మడిచి ఉంది. మోటారు నడుస్తోంది. బిక్షం కాలువ తిప్పుతూ తలెత్తాడు.

“ఏంది బిడ్డా, డ్యూటీ లేదా?”

ఆమె మొక్కల వరుసల కింది మట్టి బోదెల వంక చూసింది. బోదె భుజాల మీద తెల్లగా పలచని పొర. అది యూరియా కాదు, యూరియా గింజలు గుండ్రంగా ఉంటాయి. ఇది పిండిలా, మంచులా పేరుకున్న తెలుపు. ఎన్నాళ్ల నుంచో ఉన్న తెలుపు.

కార్డు అడిగింది. ఆయన జేబులోంచి తీసి ఇచ్చాడు. రెండో వరుసలో నాలుగు పాయింట్ ఒకటి. ఎర్ర గుర్తు అక్కడా ఉంది.

“పెద్దబాపు, మట్టిల ఉప్పు మస్తుగున్నదంట. గిట్లున్నప్పుడు ఎరువేస్తే ఇంకింత కాలుస్తది. ఎరువు గూడ ఉప్పులెక్కనే.”

బిక్షం వంగి, బోదె మీది తెలుపును వేలితో తీసి నాలుకకు తాకించాడు. ఉమ్మలేదు.

“చౌడు,” అన్నాడు చివరకు. “చౌడని ఒక్క మాట అంటే నాకు తెల్వకపోవునా?”

“నేను సదవలే.”

“ఎందుకు?”

“నీ వేలు అడ్డమున్నది.”

ఆయన తన బొటనవేలి వంక చూసుకున్నాడు, ఎవరిదో చూసినట్టు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

ఇప్పుడు ఏం చేయాలని అడిగాడు. ఆమె కార్డు తిప్పి, ఫొటోలో లేని వెనక వైపు చదివింది. మంచి నీరు నిండుగా పెట్టి, ఉప్పును అడుగుకు దింపి, మురుగు కాలువలో బయటికి పంపాలి. సాగునీటిని పరీక్ష చేయించాలి. చదువుతూ చదువుతూ మంచి నీరు అన్న మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది.

బిక్షం కాలువలోంచి దోసెడు నీళ్లు ఎత్తి నోట పోసుకున్నాడు. వెచ్చని నీళ్లు. ఆ నాలుకకు రెండో రుచి తెలిసింది, బోదె మీది దానికంటే పలచనిది, కానీ అదే ఉప్పు.

“ఉప్పు మట్టిది కాదు బిడ్డా,” అన్నాడు. “మనమే పోస్తున్నం.”

ఆయన నడిచి వెళ్లి మోటారు ఆపాడు. నీళ్ల చప్పుడు ఒక్కసారిగా పోయింది. వేసిన సంచెడు యూరియా అప్పటికే తడిలో కరిగి వేళ్ల దాకా దిగి ఉంటుంది. దాన్ని వెనక్కి తీసే వరుస ఏ కార్డులోనూ లేదు. మాడిన అంచుల మొక్కలు ఎకరం పొడవునా కదలకుండా నిలబడి ఉన్నాయి.

ఆ నిశ్శబ్దంలో గట్టవతల, వీరేందర్ వైపున్న రెండో స్టార్టరు టక్కుమని మోటారు మళ్లీ నడిచింది. పెద్దబాపు విడిచిన నీటి వంతును అతను అందుకున్నాడు. అదే బోరు, అదే నీళ్లు. అతని చేలో కాలువ నిండసాగింది.

జయశీల ఫోను తీసింది. వీరేందర్‌కు ఇంకా బదులివ్వలేదు. దాని కింద ఊరి నుంచి మరో మూడు కార్డులు వచ్చి ఉన్నాయి. ఎరువెంతో చెప్పమని మూడింటి కిందా ఒకటే మాట. ఆమె సలహా వరుస దాకా పోలేదు. మొదటిది తెరిచి రెండో వరుస చూసింది. రెండోది తెరిచి చూసింది. రెండింటిలోనూ ఎర్ర గుర్తే.

మూడోది తెరవకుండానే గట్టు దాటి, మోటారు చప్పుడు వైపు పరుగెత్తింది.